తాళం వేశాక చెవి ఎవరికివ్వాలి?

సింగపూర్‌లోని తువాస్ డార్మిటరీల్లో ఉండే మన కుర్రాళ్ళు ఆన్‌లైన్ పందాల్లో జీతాలు పోగొట్టుకుంటున్నారన్న మాట వచ్చినప్పుడల్లా ఒకే సలహా వినిపిస్తుంది. ఈ వారమూ విన్నాను. "మనసు గట్టి చేసుకోవాలయ్యా, ఆ యాప్ తీసేస్తే సరిపోతుంది కదా." చెప్పినవాళ్ళు మంచివాళ్ళే, చదువుకున్నవాళ్ళే. అయినా ఆ మాట నాకు ఒళ్ళు మండించింది. తీసేసిన యాప్‌ని తిరిగి పెట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు. అలవాటుకు చిక్కిన మనిషికి రాత్రి పదకొండింటికి బంకు మీద పడుకుని ఆ రెండు నిమిషాలు దాటడమే గండం. ఆ ఘడియలో ఆదుకోనిది సలహా అనిపించుకోదు.

ఇది చట్టం లేని ఊరు కాదు. సింగపూర్‌లో 2022 ఆగస్టు 1 నుంచి గ్యాంబ్లింగ్ కంట్రోల్ చట్టం నడుస్తోంది. లైసెన్సు లేని సైట్‌లో పందెం కాసినవాడికే పదివేల డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఆన్‌లైన్‌లో చట్టబద్ధంగా పందెం కాయాలంటే సింగపూర్ పూల్స్ ఒక్కటే దారి. మిగతా సైట్లను గ్యాంబ్లింగ్ రెగ్యులేటరీ అథారిటీ వేల సంఖ్యలో మూయించింది. 2025 జనవరి నాటికి పాలీమార్కెట్ అనే అంతర్జాతీయ సైట్ కూడా ఇక్కడ తెరుచుకోవడం మానేసి, దాని చోట చట్టం హెచ్చరిక కనబడసాగింది. మన వైపు చూస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించి 132 సైట్లు, యాప్‌ల జాబితాతో వాటిని ఆపమని కేంద్రానికి రాసింది. 2025 ఆగస్టులో కేంద్రమే డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది.

ఇవన్నీ కావాల్సినవే. కానీ ప్రభుత్వం ఆపేది పేరున్న చిరునామాని. 132 పేర్లు రాసి పంపేలోగా 133వ పేరుతో అదే ఆట మళ్ళీ మొదలవుతుంది. చివర ఒక అంకె మార్చి కొత్త చిరునామా తీసుకుని, దాని లింకుని టెలిగ్రామ్ గుంపులో పడేస్తారు. పైగా ఆ లింకు తరచూ సైట్‌కి కాదు, నేరుగా ఏపీకే ఫైల్‌కి తీసుకెళ్తుంది. ప్లే స్టోర్ ప్రసక్తే ఉండదు. కాబట్టి ప్రభుత్వ జాబితా ఎంత పొడుగున్నా, ఆఖరి తలుపు ఆ కుర్రాడి చేతిలోని ఫోనే. ఆ తలుపు ఎలా మూయాలో తెలుగులో చెప్పేవాళ్ళు కనబడరు. అందుకే ఈ వారం నేనే చెబుతాను.

నిజామాబాద్ నుంచి వచ్చి తువాస్ షిప్‌యార్డులో పనిచేసే ఒక వెల్డర్ తమ్ముడిని ఊహించుకోండి. చేతిలో ఆండ్రాయిడ్ ఫోను. జీతం బ్యాంకులో పడుతుంది. పడిన రాత్రే ఆట మొదలవుతుంది. మానాలని అతనికీ ఉంది. ఏం చేయాలి?

మొదట ఏపీకే దారి మూయాలి. సెట్టింగ్స్‌లో Install unknown apps అని ఉంటుంది. ఆ అనుమతి ఫోన్ మొత్తానికి ఒకటి కాదు, ఒక్కో యాప్‌కి వేరుగా ఉంటుంది. క్రోమ్, వాట్సాప్, టెలిగ్రామ్, ఫైల్ మేనేజర్ నాలుగింటికీ చూసి ఆపాలి. సింగపూర్‌లో 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ప్లే ప్రొటెక్ట్ బయటి నుంచి వచ్చే అనుమానాస్పద యాప్‌లను తానే అడ్డుకుంటోంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది మోసగాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటు. ఎస్సెమ్మెస్‌లు చదవడం, స్క్రీన్‌ని అదుపులోకి తీసుకోవడం లాంటి అనుమతులు అడిగే యాప్‌లనే అది పట్టుకుంటుంది. పందెపు యాప్‌కి ఆ అనుమతులు అక్కర్లేదు. మనిషి డబ్బు తనే పంపుతాడు.

రెండోది బ్లాకర్. బెట్‌బ్లాకర్ అని బ్రిటన్‌లోని ఒక ధర్మసంస్థ ఉచితంగా ఇచ్చే యాప్ ఉంది. పేరు, ఊరు అడగదు. ఒక్క రోజు నుంచి ఐదేళ్ళ దాకా గడువు మనమే ఎంచుకోవాలి. గడువు తీరేదాకా అడ్డు తీయమంటే కుదరదు. డబ్బు కట్టి వాడే గ్యామ్‌బాన్ కూడా ఇలాంటిదే. ఇవి ఒక్కో సైట్ పేరూ మన చేత రాయించవు. వేల జూదపు చిరునామాల జాబితాని తామే పెంచుకుంటూ ఫోన్‌లోనే ఆపుతాయి. నా సలహా అయితే మొదటిసారే ఐదేళ్ళు వద్దు, మూడు నెలలు పెట్టమంటాను. భయపడి అసలు పెట్టకపోవడం కంటే మూడు నెలలు పెట్టి, తీరకముందే పొడిగించుకోవడం మేలు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బ్లాకర్లు ఆండ్రాయిడ్‌లో చాలావరకు వీపీఎన్ రూపంలో పనిచేస్తాయి. ఫోన్‌లో ఒకసారికి ఒక్క వీపీఎనే నడుస్తుంది. సినిమాలు చూడ్డానికని మరో ఉచిత వీపీఎన్ నొక్కగానే బ్లాకర్ చప్పుడు లేకుండా పక్కకు తప్పుకుంటుంది. ఇంకో చిక్కు బ్యాటరీది. డార్మిటరీల్లో ఎక్కువగా కనిపించే చవక ఫోన్లు బ్యాటరీ ఆదా చేయాలని, వెనక నడిచే యాప్‌లను తమంతట తామే చంపేస్తాయి. పొద్దున పెట్టిన బ్లాకర్ సాయంత్రానికి ఉండదు. అందుకని ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ని Unrestricted చేయాలి. వీపీఎన్ సెట్టింగ్‌లో Always-on VPN వేయాలి. పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. వీపీఎన్ నడుస్తున్నంతసేపూ స్క్రీన్ పైన చిన్న తాళంచెవి గుర్తు ఉంటుంది. అది కనబడకపోతే బ్లాకర్ లేనట్టే. ఒకసారి డార్మిటరీ వైఫైలోనూ, ఒకసారి మొబైల్ డేటాలోనూ సరిచూడాలి. ఒక చోట ఆగి మరోచోట తెరుచుకునే బ్లాకర్ ఉన్నా లేనట్టే.

కొందరు Private DNS సెట్టింగ్‌లో కుటుంబ రక్షణ చిరునామా పెట్టి నిశ్చింతగా ఉంటారు. family.cloudflare-dns.com లాంటివి అశ్లీల సైట్లనీ, వైరస్ సైట్లనీ ఆపుతాయి కానీ జూదాన్ని ఆపవు. జూదం విభాగాన్ని విడిగా ఎంచుకునే వీలు నెక్స్ట్‌డీఎన్‌ఎస్ లాంటి సేవల్లో ఉంది. దాని ఉచిత వాడకం నెలకు మూడు లక్షల అభ్యర్థనల వరకే. అది దాటితే ఇంటర్నెట్ నడుస్తూనే ఉంటుంది, వడపోత మాత్రం ఆగిపోతుంది. నెలాఖరున ఆగితే, అప్పుడే జీతం పడే మనిషికి అది ఏ గతి పట్టిస్తుందో వేరే చెప్పాలా?

ఇన్ని చేసినా ఒకటి మిగులుతుంది. వాట్సాప్‌లో ఏజెంటుకి మెసేజ్ పెట్టి, పేనౌలో డబ్బు పంపి కాసే పందేన్ని ఏ బ్లాకరూ చూడలేదు. దానికి విరుగుడు ఫోన్‌లో కంటే బ్యాంకులో ఉంది. 2023 నవంబరు నుంచి ఇక్కడి పెద్ద బ్యాంకులు ఖాతాలో కొంత డబ్బుని విడిగా బంధించే సదుపాయం ఇస్తున్నాయి. డీబీఎస్‌లో డిజివాల్ట్, ఓసీబీసీలో మనీ లాక్, యూఓబీలో లాక్‌అవే. అందులో పడ్డ సొమ్ము ఫోన్‌తో బయటికి రాదు. మళ్ళీ విడిపించుకోవాలంటే బ్యాంకుకో, కొన్నిటికి ఏటీఎమ్‌కో స్వయంగా వెళ్ళాలి. మోసగాళ్ళ నుంచి కాపాడేందుకు తెచ్చిన ఏర్పాటిది. కానీ తువాస్ కుర్రాడికి ఇంతకంటే గట్టి బ్లాకర్ లేదంటాను. జీతం పడగానే ఇంటికి పంపేది పంపి, తిండికి ఉంచుకుని, మిగతాది బంధిస్తే, రాత్రి పదకొండింటికి బంకు మీద పడుకుని దాన్ని విడిపించుకోలేడు. తెల్లవారేసరికి షిఫ్టు ఉంటుంది, ఆ తపన సగం చచ్చి ఉంటుంది.

నేనెప్పుడూ పట్టుబట్టే మాట ఇదే. బ్లాకర్ జూదాన్ని మాన్పించదు. తపన పుట్టిన ఘడియకీ డబ్బు పోయే ఘడియకీ మధ్య ఎడం పెంచుతుంది. ఆ ఎడం ఎంత పెరిగితే మనిషి అంత బతుకుతాడు. అందుకే తాళం వేసిన చేతిలోనే చెవి ఉండకూడదు. ఐఫోన్ ఉన్నవాళ్ళకి ఇది అక్షరాలా వర్తిస్తుంది. Screen Time లోని Content & Privacy Restrictions లో Installing Apps, Deleting Apps రెండూ Don't Allow చేసి, పాస్‌కోడ్ మరొకరి చేత వేయించాలి. పాస్‌కోడ్ మరిచిపోతే తిరిగి పొందడానికి యాపిల్ ఖాతా అడిగినప్పుడు తన ఖాతా ఇవ్వకూడదు. ఇస్తే ఆ తాళం తనకి తనే తీసుకోగలడు.

మరి ఆ చెవి ఎవరికివ్వాలి? అందరూ భార్యకి ఇవ్వమంటారు. నేను వద్దంటాను. అర్ధరాత్రి ఫోన్ చేసి "ఈ ఒక్కసారి చెప్పవే, పోయిందంతా తిరిగొస్తుంది" అని ఏడిస్తే, ఊళ్ళో అప్పులవాళ్ళ మధ్య ఒంటరిగా ఉన్న ఆమె ఎంతసేపు తట్టుకుంటుంది? సూపర్‌వైజర్‌కీ ఇవ్వొద్దు, ఉద్యోగం అతని చేతిలో ఉంది. గదిలో తోటి ఆటగాడికి అసలే వద్దు. వేరే డార్మిటరీలో ఉండే బావమరిదో, ఊరి అన్నో అయితే, అడిగినా ఆదివారం దాకా చెప్పనని అనగల మనిషి అయితే, వాడే సరైనవాడు.

అసలు కోపం ఇప్పుడు చెబుతాను. సింగపూర్‌లో నేషనల్ కౌన్సిల్ ఆన్ ప్రాబ్లమ్ గ్యాంబ్లింగ్ అనే సంస్థ ఉంది. సహాయ నంబరు 1800-6-668-668. క్యాసినోలోకి తనను రానివ్వొద్దని తనే రాసిచ్చే అవకాశం విదేశీ కార్మికులకీ ఉంది. ఇది మనవాళ్ళకి మరీ ముఖ్యం. ఎందుకంటే రోజుకు 150 డాలర్ల ప్రవేశ రుసుము పౌరులకీ శాశ్వత నివాసులకీ మాత్రమే. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడికి ఆ గుమ్మం దగ్గర అడ్డంటూ లేదు. సింగపూర్ అధికార భాషల్లో తమిళం ఉంది, తెలుగు లేదు. ప్రభుత్వం తన భాషల్లో చెప్పింది. తెలుగులో చెప్పాల్సింది తెలుగువాళ్ళమే కదా?

మన సంఘాలకి ఉగాదికి పంచాంగ శ్రవణం చేయించే ఓపిక ఉంది, సినిమావాళ్ళని రప్పించే స్తోమత ఉంది. అందులో కొందరు తారలు నిన్నమొన్నటి దాకా పందెపు యాప్‌లకి ప్రచారం చేసినవాళ్ళే. 2025 మార్చిలో హైదరాబాద్ మియాపూర్ పోలీసులు ఆ ప్రచారాల మీద పాతికమందిపై కేసు పెట్టిన సంగతి మనకి తెలుసు. అలాంటివాళ్ళు వేదికెక్కితే శాలువా కప్పుతాం. వాళ్ళ ప్రకటన చూసి జీతం పోగొట్టుకున్న వెల్డర్ ఆ సభకి టికెట్ కొనలేడు.

సంఘాలని నేనడిగేది చిన్నది. నెలకొక ఆదివారం తువాస్‌లో ఒక బల్ల వేయండి. కంప్యూటర్ పని తెలిసిన ఇద్దరు తెలుగువాళ్ళని కూర్చోబెట్టండి. వచ్చినవాడి పేరు అడగొద్దు, నీతులు చెప్పొద్దు. అతని ఫోన్‌లో ఏపీకే దారి మూసి, బ్లాకర్ పెట్టి, బ్యాటరీ సెట్టింగ్ సరిచేసి, బ్యాంకులో డబ్బు బంధించడం చూపించి పంపండి. మనిషికి అరగంట పని. ఇకమీదట మన పండగ సభల్లో పందెపు యాప్‌లకి ప్రచారం చేసినవాళ్ళెవరినీ వేదికెక్కించబోమని తీర్మానం కూడా చేయండి. ఈ రెండూ చేసేదాకా ఆ కుర్రాళ్ళకి మనసు గట్టి చేసుకోమని చెప్పే హక్కు మనకి లేదు.