నోటీసును బాగుచేయకండి

తెలుగులో వచ్చిన లీగల్ నోటీసును ఇంగ్లీషులో రాసిపెట్టాల్సి వచ్చినప్పుడు సోలాపూర్ సాంచాల గల్లీల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "భావం వస్తే చాలు, మిగతాది వకీలు చూసుకుంటాడు." చదువుకున్నవాళ్లు దీన్నే కాస్త మర్యాదగా చెబుతారు. అనువాదమంటే మక్కికి మక్కి కాదు, సారాంశం పట్టుకోవాలి అంటారు. కథకో వ్యాసానికో అది సరిపోతుందేమో. డబ్బు కట్టమని వచ్చిన నోటీసు దగ్గర మాత్రం ఈ సలహా మనిషిని ముంచుతుంది.

తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి చద్దర్లు, టవళ్లు నేస్తూ సోలాపూర్‌లో స్థిరపడిన పద్మశాలీ ఇళ్లలో మాట తెలుగు, రాత చాలామందికి మరాఠీ. కరీంనగర్ వకీలు తెలుగులో పంపిన నోటీసును ఇంట్లో పెద్దాయన పైకి చదువుతాడు, కాలేజీ పిల్లవాడు విన్నది ఇంగ్లీషులో రాస్తాడు, తెలుగు రాని సోలాపూర్ వకీలు ఆ కాగితం చూసి జవాబు తయారుచేస్తాడు. ముగ్గురి మధ్యా జారిపోయేది భావం కాదు. ఎవరో డబ్బడుగుతున్నారని అందరికీ అర్థమవుతుంది. జారేవి తేదీలు, అంకెలు, షరతులు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. సోలాపూర్ కార్ఖానాదారు కరీంనగర్ సావుకారుకు 3,40,000 రూపాయల చెక్కు ఇచ్చాడు. ఖాతాలో సొమ్ము లేక అది తిరిగొచ్చిందని సావుకారుకు 2025 జూన్ 20న బ్యాంకు చెప్పింది. చెక్కుల చట్టం, అంటే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 138వ సెక్షన్ ప్రకారం అక్కడి నుంచి 30 రోజుల్లో, అంటే జూలై 20 లోగా, నోటీసు పంపాలి. నోటీసు మీద తేదీ జూలై 5. సోలాపూర్‌లో అందింది జూలై 14న. అందులో "ఈ నోటీసు మీకు అందిన తేదీ నుండి 15 రోజులలోగా" అని ఉంది.

పిల్లవాడు "నోటీసు తేదీ నుంచి 15 రోజులు" అని రాశాడనుకోండి. వకీలు లెక్క ప్రకారం గడువు జూలై 20తో సరి. నిజానికి అందిన రోజును వదిలేసి లెక్కపెడితే జూలై 29 దాకా ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో డబ్బు సర్దితే 138 కింద కేసే ఉండదు. గడువు దాటిపోయిందనుకున్నవాడు సర్దే ప్రయత్నం మానేస్తాడు. జూలై 29 కూడా దాటితేనే సావుకారుకు కేసు వేసే హక్కు పుడుతుంది. ఆ పైన అతనికున్నది ఒక నెల, ఆగస్టు 30 దాకా. ఈ తేదీలన్నీ వేలాడేది నోటీసు అందిన రోజు మీద. అది నోటీసులో ఉండదు గనుక రాసేవాడు కవరు కూడా అడిగి తీసుకోవాలి. కవరు మీది పోస్టు ముద్ర జూలై 22 అని ఉంటే, లోపలి కాగితం జూలై 5 అని ఎంత గట్టిగా చెప్పినా నోటీసు ఆలస్యమైనట్టే. ముద్రల్ని కూడా అనువాదంలో చేర్చాలనేది చాదస్తమని నవ్వేవాళ్లున్నారు, నవ్వనివ్వండి. తేదీల్లో నెల పేరును అక్షరాల్లో రాయడం కూడా ఇలాంటి చాదస్తమే. 05-07 అని వదిలేస్తే, ఆ కాగితం అమెరికాలో ఉన్న కొడుకు చేతికి వెళ్లినప్పుడు మే 7 అవుతుంది.

ఇక సొమ్ము. నోటీసులో "నూటికి రెండు రూపాయల వడ్డీ" అని ఉంటుంది. మన ఊళ్లలో అది నెలకు రెండు రూపాయలని ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో ఉత్తినే రెండు శాతం అని పెడితే చదివేవాడు ఏడాదికనుకుంటాడు. ఇక్కడ తప్పు పట్టుకోవడం తేలిక. మూడు నెలల వడ్డీ 20,400 అని నోటీసు చెబుతోంది. నెలకు 6,800 చొప్పున అది సరిగ్గా సరిపోతుంది. ఏడాది లెక్కయితే మూడు నెలలకు 1,700 మించదు. నోటీసులోని లెక్కను ఒకసారి తిరగవేస్తే రేటు ఏమిటో అదే చెబుతుంది. "నెలకు" అన్న మాట మూలంలో లేదు గనుక దాన్ని వాక్యంలో కలపకుండా, అనువాదకుడి గమనికగా కింద పెట్టాలి.

చెక్కు 3,40,000, వడ్డీ 20,400, నోటీసు ఖర్చు 5,000, మొత్తం 3,65,400 కట్టమని నోటీసు అడిగింది. "ఎలాగూ మొత్తమే కదా కావాల్సింది" అని చివరి అంకె ఒక్కటే రాసేవాళ్లను చూశాం. చెక్కు సొమ్ము, వడ్డీ, ఖర్చులు విడివిడిగా చూపిస్తే నోటీసు చెల్లుతుందని సుమన్ సేఠీ కేసులో 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. రాహుల్ బిల్డర్స్ కేసులో, 2007లో, లక్ష రూపాయల చెక్కుకు ఎనిమిది లక్షల పైచిలుకు బిల్లుల బాకీ మొత్తం అడిగిన నోటీసు చెల్లదంది. విడి అంకెలు ఎగిరిపోయిన అనువాదం చూసిన వకీలు తన కక్షిదారుది రెండో రకం కేసని పొరబడతాడు. నోటీసే చెల్లదు, కట్టక్కర్లేదు అని ధైర్యం చెబుతాడు. పదిహేను రోజులూ గడిచిపోతాయి. తర్వాత కోర్టు తెలుగు మూలాన్ని తెరిచి చూస్తే అందులో అంకెలు విడివిడిగా, చక్కగా ఉంటాయి.

దీనికి తిరగేసిన ప్రమాదం నాకు ఇంకా పెద్దదనిపిస్తుంది. నోటీసులోనే తప్పుంటే? భావవాదులు దాన్ని దిద్దేస్తారు. చెక్కు మీద ఒక అంకె, నోటీసులో మరొక అంకె ఉంటే టైపింగ్ పొరపాటై ఉంటుందని చెక్కు చూసి సరిచేస్తారు. 2025 సెప్టెంబరులో కావేరీ ప్లాస్టిక్స్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ఇలాంటి పొరపాటే. చెక్కు కోటి రూపాయలకు, నోటీసు రెండు కోట్లకు. టైపింగ్ తప్పన్న సంజాయిషీని కోర్టు ఒప్పుకోలేదు, నోటీసు చెల్లదంది. సహాయం చేస్తున్నాననుకుని ఆ అంకెను దిద్దిన అనువాదకుడు, నోటీసు అందుకున్నవాడికి ఉన్న ఏకైక రక్షణను చేతులారా తుడిచేసినట్టు. నోటీసు పది రోజులే గడువిస్తే పది అనే రాయాలి, చట్టం పదిహేను ఇస్తుందని మనకు తెలిసినా సరే. అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే రెండూ ఉన్నవి ఉన్నట్టే దిగాలి, పక్కన "మూలంలో ఇలాగే ఉంది" అన్న గమనికతో.

హెచ్చరికల దగ్గర మర్యాద అడ్డొస్తుంది. "లేనిపక్షంలో మీపై క్రిమినల్ కేసు, బాకీ వసూలుకు సివిల్ దావా దాఖలు చేయబడునని, అందుకు అగు ఖర్చులకు మీరే బాధ్యులని ఇందుమూలముగా తెలియజేయడమైనది" అన్న వాక్యాన్ని "చట్టపరమైన చర్య తీసుకుంటారు" అని చుట్టేస్తారు. రెండు కేసులు ఒకటైపోయాయి, ఖర్చుల మాటే పోయింది. 138 కింద నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు సొమ్ముకు రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సివిల్ దావా బాకీ వసూలు కోసం. ఈ రెండింటిలో దేన్ని ముందు ఎదుర్కోవాలో తేల్చాల్సింది వకీలు, అందుకు రెండూ ఆయన కళ్లముందుండాలి.

ఇంత కచ్చితంగా రాస్తే ఇంగ్లీషు మొరటుగా ఉంటుందని చివరి అభ్యంతరం. ఉంటుంది, మూలం కూడా మొరటుదే. నోటీసు అందిన సాయంత్రం వకీలుకు ఫోన్ చేసి విషయం చెప్పడానికి భావం చాలు, ఒప్పుకుంటాను. జవాబు మాత్రం ఆ ఫోన్ మాటల మీద తయారు కాకూడదు. సావుకారుకు ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఉన్న చోటే కేసు నడుస్తుంది గనుక తెలుగు మూలం కరీంనగర్ కోర్టులో ఉంటుంది. వ్యవహారం హైకోర్టుకెక్కితే దాని ఇంగ్లీషు ప్రతిని మూలం పక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చేది అవతలి వకీలు.