ఆన్‌లైన్ బెట్టింగ్: ‘లైసెన్స్ ఉంది’ అంటే నమ్మొచ్చా?

ఐపీఎల్ మ్యాచ్ మొదలయ్యే వేళకు వాట్సాప్‌లో లింక్ వస్తుంది. ‘ప్రభుత్వ లైసెన్స్ ఉన్న సైట్, 500 వేస్తే 500 బోనస్’ అని ఉంటుంది. డబ్బు వేసే ముందు మీరు చూసుకోవాల్సింది ఆ లైసెన్స్ అసలుదా, నకిలీదా అని కాదు. మీరు ఉన్నచోట అలాంటి లైసెన్స్ అనేది ఉందా అని.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. రమ్మీ కూడా అందులోకే వస్తుంది. పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అనే తేడా లేకుండా, డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలన్నిటినీ అది దేశమంతటా నిషేధిస్తోంది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు. కేంద్ర చట్టంలో ఆడేవారికి శిక్ష లేదు. అంతమాత్రాన నిశ్చింతగా ఉండకండి, రాష్ట్ర చట్టాల కింద ఆడినవారిపైనా కేసు పెట్టే వీలుంది.

మరి సైట్ అడుగున కనిపించే కురాసావో లైసెన్స్ సంగతి? అది కరీబియన్ దీవి ఇచ్చేది, ఇక్కడ చెల్లదు. సిక్కిం లైసెన్స్ సిక్కిం హద్దులు దాటి పనిచేయదు. జీఎస్టీ నంబర్ పన్ను కట్టడానికి మాత్రమే, అది అనుమతి పత్రం కాదు.

అనుమానం తీరకపోతే క్యూఆర్ స్కాన్ చేసి, పిన్ కొట్టకుండా ఆగండి. డబ్బు అందుకునేవారి పేరు చూడండి. సైట్ పేరుకు బదులు ఏ కిరాణా దుకాణం పేరో, ఎవరో వ్యక్తి పేరో కనిపిస్తే, మళ్లీ తెరిచినప్పుడు ఆ పేరు మారిపోతే, అది అద్దెకు తీసుకున్న ఖాతా కావచ్చు. ప్లే స్టోర్‌లో కాకుండా లింక్ ద్వారా యాప్ వేసుకోమనడం మరో గుర్తు.

ఒక ఊహా ఉదాహరణ చూడండి. 500 వేస్తే 800 వెనక్కి వచ్చింది. నమ్మకం కుదిరి 20,000 వేశారు. తెరపై 64,000 కనిపిస్తోంది. విత్‌డ్రా నొక్కితే ‘ముందు 30 శాతం పన్ను 19,200 జమ చేయండి’ అన్నారు. ఇక్కడే ఆగిపోండి. గెలుపుపై 30 శాతం టీడీఎస్ ఉన్న మాట నిజమే. కానీ దాన్ని గెలిచిన సొమ్ములోంచి మినహాయిస్తారు, విడిగా కట్టమని అడగరు. పైగా అది నికర గెలుపు 44,000 మీదే లెక్క, మీరు వేసిన 20,000 మీద కాదు.

ఆ 800 కూడా క్షేమం కాదు. అది మరో బాధితుడి సొమ్మైతే, పోలీసుల దర్యాప్తులో మీ బ్యాంకు ఖాతా స్తంభించిపోవచ్చు.

ఇప్పటికే డబ్బు పోయిందా? వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి. యూటీఆర్ నంబర్, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. డబ్బు మరో ఖాతాకు మారకముందే చెబితే దాన్ని ఆపగలిగే అవకాశం ఎక్కువ.