కలికాలం ఎవరికి చెడ్డకాలం?

వానలు పడకపోయినా, కొడుకు ఎదురు చెప్పినా "కలికాలం కదా" అనేస్తాం. ఆ మాట వెనుక ఒక లెక్క ఉంది. కృత, త్రేతా, ద్వాపర, కలి యుగాల నిడివి 4:3:2:1 నిష్పత్తిలో తగ్గుతూ వస్తుంది. ధర్మం అనే ఎద్దు కృతయుగంలో నాలుగు కాళ్ల మీద నిలబడి, యుగానికొక కాలు పోగొట్టుకుని, కలిలో ఒంటికాలి మీద మిగులుతుంది. మరి కాలు విరిగిందని తెలిసేది దేన్ని బట్టి?

దీనికి రామాయణ ఉత్తరకాండ సూటిగానే జవాబు చెబుతుంది. ఒక బ్రాహ్మణుడు చనిపోయిన కొడుకును రాముడి ద్వారం ముందుకు తెస్తాడు. నారదుడు కారణం వివరిస్తాడు: తపస్సు కృతయుగంలో బ్రాహ్మణులకే, త్రేతాయుగంలో క్షత్రియులకు కూడా, ద్వాపరంలో వైశ్యులకు కూడా. శూద్రుల వంతు కలిలోనే. ఇప్పుడెక్కడో ఒక శూద్రుడు తపస్సు చేస్తున్నాడు, అందుకే ఈ అకాల మరణం. రాముడు వెతుక్కుంటూ వెళ్లి, తలకిందులుగా వేలాడుతూ తపస్సు చేస్తున్న శంబూకుణ్ణి వర్ణం అడిగి, తల నరుకుతాడు. బాలుడు బతుకుతాడు.

శంబూకుడు దొంగతనం చేయలేదు, ఎవరినీ హింసించలేదు. తనకు కేటాయించిన యుగం రాకముందే తపస్సుకు కూర్చున్నాడు, అంతే. నారదుడి లెక్కను కింది నుంచి చదివితే, ఆయన పతనం అన్న ప్రతి మెట్టులోనూ మరో వర్ణానికి ఒక హక్కు దక్కుతోంది. ఉత్తరకాండ తర్వాత చేర్చినదని చాలామంది పండితులు అంటారు. అయినా ఈ హత్యను సమర్థించడానికి యుగాల లెక్కే అవసరమైందన్నది గమనించాలి. శిక్ష లేకుండా చాతుర్వర్ణ్యం నిలవదని చూపడానికి అంబేడ్కర్ 1936లో 'కులనిర్మూలన'లో ఈ కథనే తీసుకున్నారు.

ఇక చివరి పునరుద్ధరణ. విష్ణుపురాణం ప్రకారం కల్కి శంబల గ్రామంలో ఒక బ్రాహ్మణుడి ఇంట పుట్టి మ్లేచ్ఛులను, దస్యులను సంహరిస్తాడు. క్షత్రియ వంశాలను మళ్లీ మొదలుపెట్టడానికి దేవాపి, మరు అనే ఇద్దరు రాజులు యోగబలంతో కలాప గ్రామంలో అప్పటిదాకా వేచి ఉంటారు. అంటే కొత్త యుగం కోసం దాచి ఉంచిన విత్తనాలు కూడా పాత వంశాలవే. అక్కడ మొదలయ్యేది కొత్త సమాజం కాదు, చెదిరిపోయిన పాత వరుసే.

అదైనా ఎప్పుడు? మనుస్మృతిలో కలి నిడివి సంధ్యలతో కలిపి 1,200 ఏళ్లు. పురాణాలు వాటిని దేవతల సంవత్సరాలుగా తీసుకుని 360తో గుణించాయి, 4,32,000 అయింది. సంప్రదాయం చెప్పే క్రీ.పూ. 3102 నుంచి లెక్కిస్తే ఇంకా నాలుగు లక్షల ఏళ్లకు పైగా మిగిలే ఉంది. కలిని ఇలా అంతం లేకుండా ఎందుకు సాగదీశారని అంబేడ్కర్ 'రిడిల్స్ ఇన్ హిందూయిజం'లో నిలదీశారు.

అందుకే "కలికాలం" అని ఎవరైనా నిట్టూర్చినప్పుడు ఒక మాట అడుగుదాం: ఏం పోయిందని బాధ? అది ఇంతకుముందు ఎవరి చేతిలో ఉండేది?