దోస్తుకు తువ్వాల అంగీ

మన వాడల్లో ఎవరికన్నా బాగలేదంటే పలకరింపుకు పోవడం ఉన్నదే. చేతిలో అరడజను ఆపిల్ పండ్లో, హార్లిక్స్ డబ్బానో ఉంటుంది. జ్వరానికో ఆపరేషన్‌కో అయితే అది సరిపోతుంది, పది రోజుల్లో మనిషి లేచి తిరుగుతాడు. ఏండ్ల తరబడి పోని జబ్బుకు అది పనికిరాదని నాకు నా దోస్తు దగ్గర తెలిసింది.

ఇద్దరం సోలాపూర్‌లో ఒకే మిల్లులో పనిచేసినం. నేను మాగ్ ఖాతా, వాడు కార్డింగ్ ఖాతా. కార్డింగ్ అంటే దూది దుమ్ము ఎట్లుంటదో చేసినోళ్లకు చెప్పనక్కర్లేదు. సుట్టీ తర్వాత మళ్ళీ పనికెక్కిన రోజే వాని ఛాతీ పట్టేసేది, రెండు మూడు రోజులకు తేలికయ్యేది. దుమ్ముతో వచ్చే ఆ జబ్బుకు బిసినోసిస్ అని పేరుందని మాకప్పుడు తెలియదు. మొదట్లోనే దుమ్ము నుంచి తప్పుకుంటే తగ్గుతుందట. వాడు ఇరవై ఏండ్లకు పైన అందులోనే ఉన్నాడు, పైగా బీడీ. ఇప్పుడు ఊపిరితిత్తుల గొట్టాలు సన్నబడి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. మందు పీల్చుకుంటే కొంత నయం, కానీ జబ్బు పోదు.

పోయినేడు మేం నలుగురం కలిసి పొద్దున పదింటికి వాళ్లింటికి పోయినం. పండ్ల బుట్ట, మల్లెపూల దండ, ఒక అగరుబత్తీల పెట్టె తీసుకపోయినం. వాడు నవ్వుకుంట కూచుండి, గంటన్నర మాతోటి పాత ముచ్చట్లు చెప్పిండు. వదిన రెండుసార్లు చాయ్ పెట్టింది. సంతోషపెట్టినమనుకొని ఇంటికొచ్చినం. మూడో రోజు బజార్ల వదిన కనబడి మెల్లగా అన్నది: "అన్నా, మీరు వచ్చిపోయినంక రెండు రోజులు లేవలేదు. ఆ పొద్దు అప్పుడే స్నానం చేసి వచ్చి కూసున్నడు. మీకు చెప్పలేకపోయిండు."

సిగ్గనిపించింది. తర్వాత ఒక్కణ్ణే పోయి అడిగిన, "ఒరేయ్, దినమంతా ఏ పనికి నీ దమ్ము ఎక్కువ పోతది?" వాడు ఆగి ఆగి చెప్పిండు. మెట్లెక్కుడు కన్నా స్నానమే పెద్ద పని అన్నాడు. వంగి బకెట్ల నుంచి నీళ్లు ముంచుడు, చేతులు పైకెత్తి తల రుద్దుకొనుడు, తుడుచుకొనుడు. అందులో తుడుచుకొనుడే అన్నిటికన్నా ఘోరమట. చేతులు పైకెత్తితే, ఊపిరికి సాయపడే భుజం కండలు ఆ పనికి పోతయి. వంగితే పొట్ట ఊపిరితిత్తుల మీదికి నెట్టుకొస్తది.

అప్పుడు నాకు లెక్క అర్థమైంది. వాని బలం మన రోజు పగారు లాంటిది. పొద్దున స్నానానికే సగం ఖర్చు. మిగిలిన సగంల తిండి, మాట, పాయఖానా. ఎక్కువ వాడుకుంటే రేపటి పగారుల అడ్వాన్స్ తీసుకున్నట్టే, రేపు కోత పడ్తది. అట్లాంటి మనిషికి మనం ఇచ్చే వస్తువు ఏదో ఒక ఖర్చు తగ్గించాలె, కొత్త ఖర్చు పెట్టించకూడదు.

మొదట స్టూలు కొన్న. కూచుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనేటట్టు, మోకాళ్లు తిన్నగా మడిచేటట్టు ఎత్తుండాలె. కాళ్లకు రబ్బరు బూట్లు ఉండాలె, నున్నటి ప్లాస్టిక్ స్టూలు తడి బండ మీద జారుతది. ఒక్క స్టూలుతో సరిపోదని వారం తర్వాత తెలిసింది. కూచున్నా బకెట్ కిందనే ఉండె, వంగుడు తప్పలేదు. బకెట్ పెట్టడానికి ఇంకొకటి తెచ్చిన. ఇప్పుడు చెయ్యి చాపితే మగ్గు అందుతది.

రెండోది మన చేతి విద్య, తువ్వాల అంగీ. మన ఊరు టెర్రీ టవళ్లకు పేరున్నదే కదా. 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు టవళ్లు రెండు తీసుకున్న. ఒకటి వెనకకు, ఒకటి ముందుకు. ముందుది నడుమ పొడుగునా కోసి అంచులు మడిచి కుట్టించిన. మెడకు జాగా విడిచి భుజాలు కలిపి, చంకల దగ్గర పన్నెండు అంగుళాలు తెరిచి పెట్టి, కింద పక్కలు కుట్టించిన. ముందు తెరిచి ఉండాలె, తల మీంచి తొడుక్కునేది చేస్తే మళ్ళీ చేతులెత్తవలసి వస్తది. స్నానమైనంక వాడు స్టూలు మీదనే కూచొని అది తొడుక్కుంటడు. అయిదు నిమిషాలల్ల నీళ్లన్నీ తువ్వాలనే పీలుస్తది, రుద్దే పని లేదు.

ఒక్క జాగ్రత్త. కొత్త టెర్రీ టవల్ నూగు రాలుస్తది. దూది నూగుతోనే చెడిన ఊపిరికి మళ్ళీ నూగు ఇస్తమా? కుట్టించినంక మా ఇంట్లనే మూడుసార్లు ఉతికి, బయట బాగా దులిపి, ఎండబెట్టి అప్పుడు ఇచ్చిన. ఎండలో దులిపితే నూగు ఎగిరేది కనబడ్తది, అది ఆగేదాకా ఉతకాలె.

మూడోది చేతిలో పట్టుకునే ఛార్జింగ్ ఫ్యాను. ముఖానికి ఆరంగుళాల దూరంల పెట్టి ముక్కు, పై పెదవి, చెంపల మీద గాలి తగిలిస్తే ఆయాసం కొంచెం తగ్గినట్టుంటది. విసనకర్ర ఇస్తే విసరడానికే దమ్ము పోతది. కానీ ఫ్యాను మందు కాదు, మందు పీల్చుడు మానకూడదు. ఒక మాట కూడా పూర్తిగా అనలేకపోతే, పెదవులు నీలమైతే, మనిషి మత్తుగా ఉంటే, ఫ్యాను పక్కన పెట్టి వెంటనే దవాఖానకు తీసుకపోవాలె.

ఇక తినేవి. కడుపు నిండా తింటే పొట్ట పైకి తన్ని ఊపిరాడదు. అందుకే మా ఇంటామె పెద్ద డబ్బా నింపి పంపుడు మానింది. చిన్న గిన్నెడు గట్కో, మెత్తటి పప్పన్నమో పంపుతది. కడక్ రొట్టె వానికి ప్రాణమే, కానీ నమలుకుంట ఊపిరి తీసుకునుడు కష్టం. కడిగిన గిన్నె తిరిగి పంపనక్కర్లేదని వదినకు ముందే చెప్పినం, లేకుంటే ఖాళీ గిన్నె ఎట్లా పంపుదునని ఆమె ఇంకో పని పెట్టుకుంటది.

పూలు, అగరుబత్తీలు, అత్తరు, పౌడరు కొట్టుకొని పోవుడు బంద్. వాసనకు, పొగకు దగ్గు లేస్తది. "ఫలానా ఆకు నమిలితే మా మామకు పోయింది" అనే సలహా కూడా ఇంట్లనే వదిలి పోతున్న. దానికి జవాబు చెప్పడానికి కూడా వానికి దమ్ము కావాలె.

ఇప్పుడు నేను బుధవారం సాయంత్రం నాలుగింటికి పోత. స్నానం, తిండి రెండిటికీ దూరమైన వేళ అది, వాడే చెప్పిండు. చాయ్ థర్మస్‌ల నేనే పట్టుకపోత. అరగంట కూచుంట. నేను చెప్త, వాడు వింటడు. ఏదన్న అడిగితే తలూపి జవాబిచ్చేటట్టే అడుగుత. బాగలేని రోజు వదిన తలుపు దగ్గర నీలి చాదర్ వేలాడదీస్తది. అది కనబడితే థర్మస్ ఆమె చేతికిచ్చి గడప దాటకుండనే వెనక్కొస్త. వాడు సంజాయిషీ చెప్పడు, నేను అడగను.

పోయిన బుధవారం చాదర్ లేదు. తువ్వాల అంగీ దండెం మీద ఆరుతున్నది. వాడు నన్ను చూసి, ఊపిరి కూడగట్టుకొని ఒక్క మాటన్నడు: "ఇంకోటి కుట్టియ్. వానకాలం ఇది ఆరదు."