మన బడి పిల్లాడు, మండలం జట్టు

పాఠశాల క్రీడా పోటీలు ముగిసిన సాయంత్రం మైదానం గేటు దగ్గర రెండు బడుల పిల్లలు కాలర్లు పట్టుకుంటే, పెద్దలు ఉడుకు రక్తం అని సరిపెట్టేస్తారు. నందవరంలోనైనా, ఎమ్మిగనూరులోనైనా, ఆదోనిలోనైనా ఇదే మాట. నేరాన్ని పిల్లల వయసు మీదికి నెట్టేసి పెద్దలు చేతులు కడుక్కునే మాట ఇది. అసలు పక్షపాతం అంతకు ముందే, మైదానం పక్కన వేసిన కుర్చీల్లో కూర్చున్న పెద్దల చేతి రాతలోనే జరిగిపోయి ఉంటుంది.

ఆ రాత ఎలా ఉంటుందో చూడాలంటే ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు వెళ్లాలి. అక్కడ ప్రయోగాలు చేసిన హెన్రీ తాజ్‌ఫెల్ పోలండ్‌లో పుట్టిన యూదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైనికుడిగా జర్మన్లకు చిక్కి, ప్రాణాలతో బయటపడ్డాడు. తిరిగొచ్చేసరికి తనవాళ్లలో దాదాపు ఎవరూ మిగల్లేదు. మనుషులు ‘మనం’, ‘వాళ్లు’గా విడిపోవడానికి కనీసం ఎంత కారణం కావాలన్నది ఆయన ప్రశ్న. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో 14, 15 ఏళ్ల బడి పిల్లలతో చేసిన ప్రయోగాలను 1970, 71లలో ప్రకటించాడు. పిల్లలంతా ఒకే బడివాళ్లు, ముందునుంచీ ఒకరికొకరు తెలిసినవాళ్లు. తెర మీద చుక్కలు చూపించి ఎన్ని ఉన్నాయో అంచనా వేయమన్నారు. ఎక్కువ చెప్పినవాళ్లు ఒక గుంపు, తక్కువ చెప్పినవాళ్లు ఇంకో గుంపు అన్నారు. నిజానికి ఇష్టమొచ్చినట్టు విడగొట్టారు. ఇంకో దఫాలో, ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఏవి నచ్చాయన్న నెపంతో విడగొట్టారు.

తర్వాత ఒక్కో పిల్లాడినీ విడిగా కూర్చోబెట్టి ఒక పుస్తకం ఇచ్చారు. తన గుంపులో ఒకడికి, అవతలి గుంపులో ఒకడికి డబ్బుతో సమానమైన పాయింట్లు పంచాలి. వాళ్ల పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. తనకు తాను ఒక్క పాయింటు కూడా వేసుకోలేడు. ఒక పట్టికలో గళ్లు ఇలా సాగుతాయి: మనవాడికి 7 అయితే అవతలివాడికి 1, మనవాడికి 8 అయితే అవతలివాడికి 3. అలా పెరుగుతూ మధ్యలో ఇద్దరికీ 13 చొప్పున వస్తుంది. చివరి గడిలో మనవాడికి 19, అవతలివాడికి 25.

మనవాడికి మేలు జరగాలంటే 19 ఉన్న గడిని ఎంచాలి. అందరికీ కలిపి ఎక్కువ రావాలన్నా అదే గడి. పిల్లలు అటు వెళ్లలేదు. సమానంగా పంచే గడి కొంత లాగింది గానీ, ఎంపికలు ఎక్కువగా 12, 11 దగ్గర ఆగాయి. అంటే మనవాడి ఏడు పాయింట్లు వదులుకున్నారు, అవతలివాడికంటే ఒక్క పాయింటు పైన ఉంచడం కోసం. పాత పగ లేదు, డబ్బు ఆశ లేదు, ఎదుటివాడి ముఖం కూడా తెలియదు. ఆ గుంపు పేరు ఒక్కటే ఉంది. తాజ్‌ఫెల్, జాన్ టర్నర్ కలిసి 1979లో సామాజిక గుర్తింపు సిద్ధాంతంగా చెప్పింది దీన్నే: నేనెవరన్న లెక్కలో నా గుంపు కూడా ఉంటుంది కాబట్టి, దాని స్థాయి పెరిగితే నా స్థాయి పెరిగినట్టే. స్థాయి తెలిసేది పక్కవాడితో పోల్చినప్పుడే. అందుకే మనిషి లాభం కంటే తేడాను కోరతాడు.

ఇప్పుడు నందవరం మండల కబడ్డీ జట్టు ఎంపిక జరుగుతోందనుకుందాం. 12 మందిని తీయాలి. 11 మంది తేలారు. చివరి చోటుకు ఇద్దరు రైడర్లున్నారు. పక్క బడి పిల్లాడు రోజంతా పాయింట్లు తెచ్చాడు, ‘మన’ పిల్లాడు అందులో సగం తెచ్చాడు. ఎంపిక చేసే కుర్చీల్లో ఆ బడుల వ్యాయామ ఉపాధ్యాయులే ఉన్నారు. ‘మా వాళ్లు నలుగురైనా ఉండాలి కదా సార్’ అన్న మాట వస్తుంది. ఆ క్షణంలో జరిగేది పట్టికలో 12, 11 గడిని ఎంచడమే. డివిజన్ పోటీల్లో మండలం ఓడుతుంది. మన బడి పేరు మాత్రం జాబితాలో ఒక గీత ఎక్కువ కనిపిస్తుంది. పక్కన నిలబడి ఇదంతా చూసిన పిల్లలకు పాఠం అర్థమవుతుంది. గేటు దగ్గర వాళ్లు చేసేది ఆ పాఠాన్ని అప్పజెప్పడమే.

గుంపు పేరు ఎంత తేలిగ్గా మారుతుందో క్రికెట్ చెబుతుంది. 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లా తాలూకా. కన్నడ, ఉర్దూ, తెలుగు కలిసి వినిపించే ఈ పట్టీలో ఐపీఎల్ వస్తే బెంగళూరుకు జై కొట్టే కుర్రాళ్లు, హైదరాబాద్‌కు జై కొట్టే కుర్రాళ్లు ఒకే టీ అంగడిలో కూర్చుంటారు. హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ 2017లో సన్‌రైజర్స్‌కు ఆడాడు, 2018 నుంచి 2024 దాకా బెంగళూరుకు, 2025లో గుజరాత్‌కు ఆడాడు. బంతీ అదే, చెయ్యీ అదే. మొదటిసారి చొక్కా మారగానే ఒక బల్ల చప్పట్లు ఇంకో బల్లకు మారాయి. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టు చివరి రోజు అతని బౌలింగ్‌తో భారత్ 6 పరుగుల తేడాతో గెలిస్తే మాత్రం రెండు బల్లలూ ‘మనోడు’ అన్నాయి.

ఈ మార్పును మార్క్ లెవిన్ బృందం పరీక్షించి 2005లో ప్రకటించింది. మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులైన విద్యార్థులను ముందుగా వాళ్ల జట్టు గురించి రాయమన్నారు. తర్వాత దారిలో ఒకడు జారిపడి చీలమండ పట్టుకుని మూలిగాడు. వాడి ఒంటిమీద మాంచెస్టర్ చొక్కా ఉంటే దాదాపు అందరూ ఆగారు. ప్రత్యర్థి లివర్‌పూల్ చొక్కా ఉంటే ఎక్కువమంది దాటిపోయారు. ఇంకో విడతలో జట్టు గురించి కాకుండా, ఫుట్‌బాల్ అభిమానిగా ఉండటం గురించి రాయించారు. ఈసారి లివర్‌పూల్ చొక్కా వాడికీ ఎక్కువమంది సాయపడ్డారు. ఏ జట్టు చొక్కా లేనివాడి పక్కన మాత్రం ఆగినవాళ్లు తక్కువ. గీత చెరిగిపోలేదు, జరిగింది. ఎక్కడికి జరపాలన్నది ముందు ప్రశ్న వేసినవాళ్ల చేతిలో ఉంది.

అయితే పక్షపాతం, పగ ఒకటి కావు. జర్మనీ పరిశోధకురాలు అమేలీ ముమ్మెన్‌డై 1990ల తొలినాళ్లలో పట్టికను తిరగేసింది. డబ్బుకు బదులు చెవికి బాధ కలిగించే శబ్దాన్ని పంచమంది. అప్పుడు తనవాళ్ల మీది మొగ్గు చాలా తగ్గింది. మంచిదాన్ని మనవాళ్లకు ఎక్కువ ఇచ్చుకునే మనిషి, చెడ్డదాన్ని అవతలివాళ్ల మీద వేయడానికి అంత సులువుగా ఒప్పుకోడు. కానీ ఒక గుంపుకు మీరు కొద్దిమంది, మీది తక్కువ స్థాయి అని చెప్పినప్పుడు ఆ మొగ్గు తిరిగి వచ్చింది. దసరా రాత్రి దేవరగట్టులో ఊళ్లు రెండు పక్షాలై కర్రలు పట్టే ప్రాంతం మనది. ఏ పక్షంలో నిలబడాలో పుట్టిన ఊరే నిర్ణయిస్తుంది. అలాంటి చోట ‘వాళ్లు మనల్ని చులకన చేస్తున్నారు’ అని పిల్లల చెవిలో వేసే ఉపాధ్యాయుడు, టోర్నమెంటుకు కప్పులిచ్చి వెనకాల కులం లెక్క, పార్టీ లెక్క చూసుకునే నాయకుడు చేస్తున్నది సరిగ్గా ఆ మాట అందించడమే. సహజమైన మొగ్గును పగగా కాచేది వాళ్లు.

కాబట్టి వచ్చే పోటీల నాటికి మండల విద్యాశాఖ చేయాల్సింది చేతనైన పనే. ఏ బడి ఆటకు ఆ బడి ఉపాధ్యాయుడు రిఫరీగా ఉండకూడదు. ఎంపిక కుర్చీల్లో పక్క మండలం వ్యాయామ ఉపాధ్యాయులను కూర్చోబెట్టి, ఈ మండలం వాళ్లను అక్కడికి పంపాలి. ఎంపిక ఆటలో పిల్లలను బడి చొక్కాలతో కాకుండా అంకెలు వేసి, బడులను కలిపిన జట్లుగా ఆడించాలి. ప్రతి పిల్లాడు తెచ్చిన పాయింట్లు, పట్టిన పట్లు రాసి, ఆ కాగితాన్ని అదే సాయంత్రం నోటీసు బోర్డుకు అంటించాలి. మండలం జట్టు బయల్దేరే ముందు కనీసం వారం రోజులు ఒకే మైదానంలో కలిసి సాధన చేయాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. చేయకపోతే, గేటు దగ్గర జరిగే తదుపరి కొట్లాట మీద రాసే నివేదికలో మొదటి పేర్లు పిల్లలవి కాకుండా ఎంపిక కమిటీవి ఉండాలి.