మౌలాలి కొండ కింది కవయిత్రి

దమ్మాయిగూడకు దగ్గరలోనే మౌలాలి కొండ పాదాన సమాధి అయిన ఒక కవయిత్రి స్వయంగా బహూకరించిన కవితల పుస్తకం నేడు లండన్‌లో ఉంది. 1799 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన ఒక నృత్య సభ మధ్యలో, ఆ సభలో ప్రధాన నర్తకి అయిన ఆమె, ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కమ్ చేతికి దానిని అందించింది. ఈ సంగతిని ఆ ప్రతిలోనే రాసి ఉంచారు. మాల్కమ్ తరువాతి కాలంలో బొంబాయి గవర్నరు అయ్యాడు. పుస్తకం బ్రిటిష్ లైబ్రరీకి చేరింది.

ఆ కవయిత్రి మహ్‌లఖా బాయి. 1768లో జన్మించింది. ‘చందా’ అన్నది ఆమె తఖల్లుస్, అంటే కవితలో వాడుకునే కలం పేరు. రెండవ నిజాం నిజాం అలీ ఖాన్ కాలంలోనూ, ఆయన కుమారుడు సికందర్ జా కాలంలోనూ ఆమె ఆస్థానంలో పేరు పొందింది. 1792లో తల్లి రాజ్ కన్వర్ బాయి కోసం మౌలాలి కొండ కింద సమాధి కట్టించింది. 1824లో మరణించాక ఆమెను కూడా తల్లి పక్కనే ఖననం చేశారు. దమ్మాయిగూడ నుండి ఇ.సి.ఐ.ఎల్. మీదుగా మౌలాలికి వెళ్లే పాఠకులు ఆ ప్రాంగణాన్ని నేటికీ చూడవచ్చు.

ఆమె గురించి తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘ఉర్దూలో దీవాన్ వెలువరించిన తొలి మహిళ’ అని. ఈ మాటను మనం కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

ముందుగా దీవాన్ అంటే ఏమిటో చూడాలి. తోచినప్పుడల్లా రాసిన గజళ్లను ఒకచోట పెట్టినంత మాత్రాన అది దీవాన్ కాదు. ప్రతి గజల్‌లో షేర్ల చివర ఒకే పదం గానీ, ఒకే ప్రాస గానీ మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఏ అక్షరంతో ముగుస్తుందో చూసి, అలిఫ్ మొదలుకొని వర్ణక్రమంలో గజళ్లను పేర్చుతారు. ఈ పద్ధతిలో కూర్చిన సంపుటి ఉండడమంటే ఆ కాలంలో పూర్తిస్థాయి కవిగా నిలబడడమే. మహ్‌లఖా తన 125 గజళ్ల దీవాన్‌ను 1798లో కూర్చింది.

కొన్ని రచనలు ఆమె దీవాన్‌కు 1824ను సంవత్సరంగా చూపుతాయి. అది ఆమె మరణించిన సంవత్సరం. మాల్కమ్‌కు ఇచ్చిన ప్రతి అంతకు పాతికేళ్ల ముందే ఉంది కనుక, 1824ను ఆధారం చేసుకుని ‘తొలి’, ‘మలి’ అని లెక్కించడం సరికాదు. సంపుటి కూర్చిన తేదీ వేరు, అది లోకంలోకి వచ్చిన తేదీ వేరు.

మరొక సంగతి కూడా ఉంది. అదే దక్కన్‌లో, అదే తరంలో లుత్ఫున్నిసా అనే కవయిత్రి ఉండేది. ఆమె తఖల్లుస్ ‘ఇంతియాజ్’. ఆమె భర్త అసద్ అలీ ఖాన్ ‘తమన్నా’ కూడా కవియే. ఇంతియాజ్ దీవాన్ హిజ్రీ 1212 నాటిది. ఇది పరిశోధకుల దృష్టికి వచ్చాక ‘తొలి’ అన్న గౌరవం ఆమెకు మారింది. మహ్‌లఖా కంటే ఇంతియాజ్ ఒక ఏడాది ముందు అని ఇప్పుడు రాస్తున్నారు.

ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. హిజ్రీ సంవత్సరం ముహర్రంతో మొదలవుతుంది, జనవరితో కాదు. హిజ్రీ 1212 సంవత్సరం 1797 జూన్ చివరిలో మొదలై 1798 జూన్ నడుమ ముగిసింది. కాబట్టి ‘1212 అంటే 1797’ అని ఒక్క అంకెతో తేల్చివేస్తే, 1798లోని అయిదు నెలలకు పైగా కాలం లెక్కలోంచి జారిపోతుంది. రెండు దీవాన్‌ల మధ్య ఎడం ఏడాదికి మించి ఉండవచ్చు, లేదా కొద్ది నెలలే కావచ్చు. పాత సమాధుల మీద, వక్ఫ్ పత్రాల మీద హిజ్రీ సంవత్సరం చదివేటప్పుడు కూడా ఈ జాగ్రత్త అవసరం. నెల తెలియనప్పుడు 1797-98 అని రెండు సంవత్సరాలూ రాయడమే సరైన పద్ధతి.

అందుచేత ఆధారం నిలిచేంత వరకే మేము చెబుతాము: పద్దెనిమిదో శతాబ్దం ముగిసేలోపు దక్కన్‌లో ఇద్దరు మహిళలు ఉర్దూ దీవాన్‌లు కూర్చారు. వారిలో ఒకరు మౌలాలి కొండ కింద విశ్రమిస్తున్నారు. ‘తొలి’ అన్న బిరుదును పక్కన పెట్టినా ఆమె 125 గజళ్లలో ఒక్కటీ తగ్గదు. ఆ బిరుదును ఆమెకే కట్టబెడితే మాత్రం ఇంతియాజ్ పేరు మళ్లీ మరుగున పడుతుంది.