ఆ ఒక్క శాతం నిజంగా మారిందా?

ఆంధ్రప్రదేశ్ మహిళల్లో రక్తహీనత 60 శాతం నుంచి 58.8కి తగ్గింది. తెలంగాణలో 56.6 నుంచి 57.6కి పెరిగింది. ఇవి 2015-16, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల అంకెలు. వీటిని బొమ్మ గీసి పక్కపక్కన పెడితే, ఒక రాష్ట్రం బాగుపడిందనీ మరొకటి వెనకబడిందనీ ఎవరైనా అనుకుంటారు. నిజానికి ఈ అంకెలను బట్టి ఆ రెండు మాటల్లో ఏదీ గట్టిగా చెప్పలేం. పొరపాటు చదివినవారిది కాదు, అంకెను సగమే చూపించినవారిది.

పెద్ద గిన్నెలో పులిహోర కలిపారనుకోండి. ఒక గరిటె తీసి పల్లీలు లెక్కపెడితే ఎనిమిది ఉంటాయి. ఇంకో గరిటెలో పదకొండు రావచ్చు. గిన్నెలో పల్లీలు మారలేదు, మన చేతికొచ్చిన గరిటె మారింది. సర్వే కూడా అలాంటి గరిటే. అదే నెలలో వేరే ఇళ్ల తలుపు తట్టి ఉంటే అంకె కాస్త అటో ఇటో వచ్చేది. ఆ ‘కాస్త’ ఎంతో చూపేదే బొమ్మలో కడ్డీ చివర కనిపించే సన్నని గీత, ఎర్రర్ బార్. పేరులో ఎర్రర్ ఉన్నా అది సిబ్బంది చేసిన తప్పు కాదు. జనంలో అతి తక్కువ, అతి ఎక్కువ హిమోగ్లోబిన్ ఎంతో చెప్పే గీత కూడా కాదు. ఇలాంటి సర్వేను వేర్వేరు ఇళ్లతో వందసార్లు చేస్తే, ఇంచుమించు 95 సార్లు అసలు అంకె ఆ గీత హద్దుల్లో ఉంటుందని దాని భావం.

గీత పొడవెంతో ఇంట్లోనే సుమారుగా లెక్కగట్టొచ్చు. వందమందిని పరీక్షిస్తే అటూ ఇటూ 10 శాతం, 400 మందినైతే 5, పదివేల మందినైతే 1. ఆంధ్రప్రదేశ్‌లో రెండుసార్లూ పదివేలు దాటి మహిళలను సర్వే చేశారు. కాబట్టి మొదటి అంకె 59 నుంచి 61 మధ్య, రెండోది 58 నుంచి 60 మధ్య అనుకోవాలి. రెండు అంకెల్లోనూ ఊగిసలాట ఉంది గనుక వాటి తేడాలో అది ఇంకొంచెం ఎక్కువ: 1.2కి అటూ ఇటూ 1.4. అంటే రక్తహీనత రెండున్నర శాతం తగ్గి ఉండొచ్చు, అసలు తగ్గకపోనూవచ్చు. పైగా సర్వేలో కొన్ని ఊళ్లను, వార్డులను ఎంచుకుని అక్కడి ఇళ్లకే వెళ్తారు. ఒకే ఊరివాళ్ల తిండి, అలవాట్లు చాలావరకు ఒకేలా ఉంటాయి గనుక అసలు గీత ఇంకా పొడవే. తెలంగాణలో కనిపించిన ఒక్క శాతం పెరుగుదలా ఇలాంటిదే.

ఇప్పుడు తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల అంకె చూడండి: 60.7 నుంచి 70కి పెరిగింది. తొమ్మిది శాతానికి పైగా వచ్చిన ఈ తేడా ఏ గీతకూ అందదు. గరిటె మారినందువల్ల వచ్చిందని దీన్ని కొట్టిపారేయలేం. గీతలు లేని బొమ్మలో ఈ వార్తా, ఆ ఒక్క శాతం వార్తా ఒకే గొంతుతో అరుస్తాయి. అదే నా ఫిర్యాదు.

జిల్లాల దగ్గరికొస్తే చిక్కు ఇంకా పెద్దది. ఒక జిల్లాలో 200 మంది పిల్లలను పరీక్షిస్తే 65 శాతం అని వచ్చిందనుకోండి. అసలు అంకె 58 కావచ్చు, 72 కావచ్చు. అలాంటి అంకెలతో జిల్లాలకు ర్యాంకులిస్తే, ఏడో స్థానానికీ పదిహేనో స్థానానికీ తేడా ఏముంటుంది?

అయితే ఈ గీత అన్నీ చెప్పదు. 2015-16 సర్వేలో పిల్లల వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే, దేశంలో 58.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో నరం నుంచి రక్తం తీశారు. అక్కడ ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతమే వచ్చింది. పిల్లల వయసుల్లో కొద్దిపాటి తేడా ఉంది గానీ, ఇంత అంతరానికి అదొక్కటే కారణం కాలేదు. కొలిచే పద్ధతి మారితే వచ్చే ఇలాంటి తేడాను ఏ ఎర్రర్ బారూ చూపించదు. అందుకే రక్తం ఎలా తీశారో కూడా చెప్పాలి.

పత్రికలు గ్రాఫులో గీత వేస్తే మంచిదే. కానీ కింద మాటల్లో చెప్పకపోతే అది పాఠకుడికి పుల్లలాగే కనిపిస్తుంది. ‘వందలో 58 నుంచి 60 మందికి రక్తహీనత. పరీక్షించింది సుమారు 11 వేల మందిని. గత సర్వేతో పోలిస్తే మారిందని చెప్పలేం’ అని రాస్తే చాలు. శీర్షిక కాస్త చప్పబడుతుంది. ఐరన్ మాత్రలు ఇక అక్కర్లేదేమోనని ఏ తల్లీ పొరబడకుండా ఉంటుంది.